ఆటల్లో నీరు: రంగు, వక్రీభవనం, నురగ గీత

వీడియో గేమ్‌లో కనిపించే సముద్రం చాలావరకు ఒక పలచని తొడుగు. దాని కింద ఇసుక నేల, రాళ్లు ఉంటాయి, పైన ఆకాశం ఉంటుంది. నడుమ నీరు మాత్రం ఉండదు. త్రిభుజాలతో అల్లిన ఒక ఉపరితలం, దాని మీద పడే ప్రతి పిక్సెల్‌కూ ఏ రంగు వేయాలో లెక్కగట్టే షేడర్ అనే చిన్న ప్రోగ్రామ్, అంతే ఉంటాయి. ఆ ప్రోగ్రామ్‌కు దొరికే సమయమూ తక్కువే. సెకనుకు 60 చిత్రాలు తెర మీదికి రావాలంటే ఒక్కో చిత్రానికి 16.7 మిల్లీసెకన్లే ఉంటాయి. మనుషులు, చెట్లు, నీడలు, పొగ అన్నీ అందులోనే సర్దుకోవాలి. సినిమాలో అయితే ఒక్క ఫ్రేమ్ కోసం కంప్యూటర్లను గంటల తరబడి నడిపి, వేలాది కాంతి కిరణాలు నీటిలో ఎలా ప్రయాణిస్తాయో లెక్కించవచ్చు. ఆటకు ఆ వెసులుబాటు లేదు.

అందుకే ఆటల్లోని నీరు దాదాపు ఒకే ఒక్క కొలత మీద నిలబడి ఉంటుంది. అది నీటి మందం. ఒక పిక్సెల్ గుండా చూస్తున్నప్పుడు నీటి ఉపరితలానికీ దాని వెనక కనిపించే ఇసుకకో రాయికో నడుమ ఎన్ని మీటర్ల నీరు ఉండాలన్నదే ఆ కొలత. లోతు పెరిగేకొద్దీ రంగు మారడం, అడుగున ఉన్నవి వంకరగా కదలడం, ఒడ్డు వెంట తెల్లని నురగ గీత తిరగడం, ఈ మూడూ దాని నుంచే పుడతాయి. దాన్ని సరిగ్గా కొలిస్తే మూడూ కుదురుతాయి. తప్పుగా కొలిస్తే ఆ తప్పు మూడింట్లోనూ, మూడు వేరువేరు రూపాల్లో బయటపడుతుంది.

కొలవడానికి కావలసిన సమాచారం గ్రాఫిక్స్ చిప్ దగ్గర ముందే ఉంటుంది. దృశ్యాన్ని గీసేటప్పుడు అది ప్రతి పిక్సెల్‌కూ రంగుతో పాటు, అక్కడున్న వస్తువు కెమెరాకు ఎంత దూరమో కూడా రాసి పెట్టుకుంటుంది. దీన్ని డెప్త్ బఫర్ అంటారు. ఏ వస్తువు ముందుంది, ఏది దాని చాటున ఉంది అని తేల్చడం దాని అసలు పని. నీటి షేడర్ దాన్ని ఇంకో పనికి వాడుకుంటుంది. ముందుగా నేల, రాళ్లు, పడవలు, మనుషులు వంటి అపారదర్శక వస్తువులన్నిటినీ గీస్తారు. అప్పటిదాకా తయారైన రంగుల చిత్రాన్నీ, డెప్త్ బఫర్‌నూ నకలు తీసి పక్కన పెడతారు. నీటిని ఆ తర్వాతే గీస్తారు. నీటి పిక్సెల్ తన దూరం తాను ఎరుగును, తన వెనక ఉన్నదాని దూరాన్ని నకలులో చదువుతుంది. రెండింటి తేడాయే మందం.

ఇక్కడే మొదటి చిక్కు ఎదురవుతుంది. డెప్త్ బఫర్‌లో ఉండే విలువలు మీటర్లు కావు. 0 నుంచి 1 వరకు ఉండే ఆ విలువలు దూరంతో పాటు సమానంగా పెరగవు. కెమెరా 0.1 మీటరు నుంచి 1000 మీటర్ల వరకు చూడగలదనుకుంటే, 0.2 మీటర్ల దూరానికే విలువ 0.5కు చేరుతుంది, 10 మీటర్లకు 0.99 అవుతుంది. మిగిలిన 990 మీటర్లూ ఆఖరి నూరో వంతులో ఇరుక్కోవాలి. అందువల్ల తీసివేతకు ముందే విలువను మీటర్లలోకి మార్చాలి.

```
float z = near * far / (far - d * (far - near));
```

కొన్ని ఇంజిన్లు ఈ విలువలను తలకిందులుగా, దగ్గరకు 1, దూరానికి 0 అన్నట్టు దాస్తాయి. అప్పుడు సూత్రం కూడా దానికి తగ్గట్టు మారుతుంది. ఈ మార్పిడి మరచిపోతే ఏమవుతుందో పసిగట్టడం తేలిక. ఒక మీటరు మందానికి 10 మీటర్ల దూరంలో వచ్చే తేడాతో పోలిస్తే, 100 మీటర్ల దూరంలో వచ్చే తేడా దాదాపు 90 రెట్లు చిన్నది. అంటే దూరంగా ఉన్న లోతైన నీరు కూడా షేడర్‌కు అంగుళం లోతు నీరులా కనిపిస్తుంది. కెమెరా ఒడ్డు పక్కన ఉన్నప్పుడు సన్నగా ఉన్న నురగ, కెమెరా వెనక్కి జరిగేకొద్దీ ఉబ్బి సముద్రమంతా పరుచుకుంటే, లోపం ఈ మార్పిడిలోనే ఉందనుకోవచ్చు.

మందం మీటర్లలో చేతికొచ్చాక రంగు లెక్క మొదలవుతుంది. నీరు అన్ని రంగుల కాంతినీ ఒకేలా పీల్చుకోదు. ఎరుపును త్వరగా మింగేస్తుంది, ఆకుపచ్చను నెమ్మదిగా, నీలాన్ని మరీ నెమ్మదిగా. ఈ శోషణ నియమాన్ని 1729లో పియర్ బూగే, 1760లో లాంబర్ట్, 1852లో బియర్ ఒకరి తర్వాత ఒకరు తీర్చిదిద్దారు. ఒక మీటరు నీరు కాంతిలో ఎంత వంతు మింగుతుందో, ఆ తర్వాతి మీటరు మిగిలిన కాంతిలో మళ్లీ అంతే వంతు మింగుతుంది. అందుకే లెక్కలో ఘాతాంక ప్రమేయం వస్తుంది.

```
float3 T = exp(-absorb * thickness);
float3 color = bed * T + scatter * (1.0 - T);
```

ఇందులో `absorb` మూడు రంగుల శోషణ గుణకాలు. ప్రయోగశాలలో కొలిచిన స్వచ్ఛమైన నీటి విలువలను గుండు సంఖ్యల్లోకి తెస్తే మీటరుకు ఎరుపుకు 0.34, ఆకుపచ్చకు 0.06, నీలానికి 0.01 అనుకోవచ్చు. మూడు మీటర్ల నీటి కింద లేత పసుపు ఇసుక ఉన్న చిన్న అఖాతాన్ని నిట్టనిలువుగా పై నుంచి చూస్తున్నామనుకుందాం. ఇసుక రంగులో ఎరుపు 0.76, ఆకుపచ్చ 0.70, నీలం 0.50. మూడు మీటర్లు దాటి వచ్చేసరికి ఎరుపులో 36 శాతమే మిగులుతుంది, ఆకుపచ్చలో 84 శాతం, నీలంలో 97 శాతం. గుణిస్తే ఎరుపు 0.27, ఆకుపచ్చ 0.58, నీలం 0.49. అది ఇక పసుపు కాదు, ఇసుక తీరాల ఫొటోల్లో కనిపించే పచ్చ కలిసిన లేత నీలం. అదే ఇసుకను పది మీటర్ల లోతుకు దించితే ఎరుపు 0.03కు పడిపోతుంది, ఆకుపచ్చ 0.38, నీలం 0.45 మిగులుతాయి. నీలం ఇప్పుడు ముందుకొచ్చింది. ఈ రంగులేవీ చిత్రకారుడు ఎంచి వేసినవి కావు. ఇసుక రంగు, మూడు గుణకాలు, మందం కలిసి వాటంతటవే తెచ్చినవి.

చాలా ఆటల్లో ఇంతకంటే సులువైన దారి కనిపిస్తుంది. లోతు తక్కువ నీటికి ఒక రంగు, లోతైన నీటికి ఒక రంగు ఎంచుకుని, మందాన్ని బట్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి జరుపుతారు. పని జరుగుతుంది కానీ మూడు రంగులూ ఒకే వేగంతో మారతాయి కాబట్టి నడుమ వచ్చే పచ్చని పట్టీ పుట్టదు. తెల్ల ఇసుక మీదా నల్లరాయి మీదా ఒకే పూత పూసినట్టు ఉంటుంది. పిక్సెల్‌కు మూడు ఘాతాంకాలు లెక్కించడం నేటి చిప్‌లకు పెద్ద బరువేమీ కాదు. శైలి కోసం కావాలనుకుంటే తప్ప ఆ సులువు దారిని ఎంచుకోవడానికి ఈ రోజుల్లో కారణం లేదు.

సూత్రంలో రెండో ముక్క, `scatter`, లేకపోతే లోతైన నీరు నల్లబడిపోతుంది. నిజమైన నీరు కాంతిని మింగడంతో పాటు కొంత వెనక్కి చెదరగొడుతుంది. అడుగు కనిపించనంత లోతులో కళ్లకు చేరేది ఆ చెదిరిన కాంతే. గుణకాలతో పాటు ఈ ముక్కనూ మారిస్తే అదే షేడర్ ఇంకో నీటిని చూపిస్తుంది. వరద రోజుల్లో గోదావరి ఎర్రనీటికి స్వచ్ఛమైన నీటి గుణకాలు పనికిరావు. ఒండ్రు మట్టి నీలాన్ని ముందుగా పీలుస్తుంది, కాంతిని బలంగా వెనక్కి చెదరగొడుతుంది. కాబట్టి అక్కడ నీలం గుణకాన్ని ఎరుపు కంటే పెద్దది చేసి, `scatter`కు మట్టి రంగు ఇవ్వాలి. అరమీటరు మందానికే అడుగు కనబడకుండా పోవాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈ గుణకారాలన్నీ కాంతి పరిమాణాల మీద జరగాలి. తెర కోసం ముందే సవరించిన రంగు విలువల మీద చేస్తే లెక్క సరైనదే అయినా నడుమ లోతుల్లో రంగులు మసకబారినట్టు వస్తాయి.

ఇప్పటిదాకా చూపు నిలువుగా ఉంది. చూపు వాలేకొద్దీ ఒక మోసం బయటపడుతుంది. ఒడ్డున నిలబడి నీటి మట్టానికి 10 డిగ్రీల వాలులో చూస్తున్నామనుకుందాం. డెప్త్ బఫర్‌కు కాంతి వంగుతుందని తెలియదు. అది చూపును తిన్నగా నీటిలోకి పొడిగిస్తుంది. మూడు మీటర్ల లోతున్న అడుగును ఆ గీత చేరడానికి 17.3 మీటర్లు పోవాలి. అన్ని మీటర్ల నీటిలో ఎరుపు వెయ్యిలో మూడు వంతులే మిగులుతుంది. నిజంలో మాత్రం 1.33 వక్రీభవన గుణకం ఉన్న నీటిలోకి దిగగానే కిరణం బాగా కిందికి వంగుతుంది. నీటిలో నిలువు గీతకు 48.8 డిగ్రీలు దాటి అది ఎన్నడూ వాలలేదు. అందువల్ల మూడు మీటర్ల లోతుకు అసలు దారి 4.5 మీటర్లే, మిగిలే ఎరుపు 22 శాతం. తేడా చిన్నదేమీ కాదు. తీసివేతనే నమ్ముకున్న నీరు కాళ్ల దగ్గర తేటగా ఉండి, నాలుగు అడుగుల అవతలే సిరా పోసినట్టు అవుతుంది.

దీనికి ఒక సవరణ ఉంది. అడుగు పిక్సెల్ ప్రపంచంలో ఏ చోట ఉందో డెప్త్ విలువ నుంచి తిరిగి లెక్కగట్టి, నీటి మట్టానికీ దానికీ ఉన్న నిలువు తేడాను తీసుకోవాలి. దాన్ని వంగిన కోణం కొసైన్‌తో భాగించాలి.

```
float c  = saturate(viewDir.y);
float ct = sqrt(1.0 - (1.0 - c*c) / (1.33*1.33));
float path = verticalDepth / ct;
```

ఇది కూడా పూర్తి నిజం కాదు. తిన్నని గీత 17 మీటర్ల అవతల తాకిన చోటి లోతును తీసుకుంటున్నాం, వంగిన కిరణం తాకేది మన దగ్గరి చోటును. అడుగు చదునుగా ఉన్నంతవరకు తేడా తెలియదు, ఎగుడుదిగుడుగా ఉంటే తెలుస్తుంది. అయితే ఆ వాలులో ఉపరితలం దాదాపు 40 శాతం కాంతిని ఆకాశం నుంచే పరావర్తనం చేస్తుంది కాబట్టి పొరపాటు చాలావరకు కప్పబడిపోతుంది. నిట్టనిలువుగా చూసినప్పుడు పరావర్తనం 2 శాతమే, అప్పుడు కొలత సరిగ్గానే ఉంటుంది. కోణాన్ని బట్టి పరావర్తనం ఇలా మారడాన్ని చౌకగా లెక్కించడానికి క్రిస్టఫ్ ష్లిక్ 1994లో ఇచ్చిన ఉజ్జాయింపు సూత్రమే ఇప్పటికీ ఎక్కువ షేడర్లలో నడుస్తోంది.

ఇక వక్రీభవనం. ఆటల్లో ఈ పేరుతో జరిగేది చాలావరకు ఒక కనికట్టు. అలల వాలును బట్టి, పక్కన పెట్టిన రంగుల నకలును సరిగ్గా అదే చోట కాకుండా కాస్త పక్కన చదువుతారు. అలలు కదిలేకొద్దీ ఆ జరుగుడు కూడా మారుతుంది కాబట్టి అడుగున ఉన్న రాళ్లు ఊగుతున్నట్టు కనిపిస్తాయి. నిజమైన వక్రీభవనంలో ఇంకొకటి కూడా జరుగుతుంది. పై నుంచి చూస్తే మూడు మీటర్ల లోతున్న నేల రెండుంబావు మీటర్ల లోతులోనే ఉన్నట్టు పైకి తేలి కనిపిస్తుంది. మామూలు షేడర్లు ఈ తేలికను చూపవు, ఊగును మాత్రమే చూపుతాయి. ఆటగాళ్లు దాన్ని ఒప్పుకుంటారు, ఎందుకంటే నీరు ఉందని కంటికి చెప్పేది ముందుగా ఆ కదలికే.

ఈ పద్ధతికి ఒక పేరుమోసిన రోగం ఉంది. నీటిలో నడుము దాకా దిగిన మనిషిని తీసుకోండి. అతని నడుము పైభాగం నీటి ముందు ఉంటుంది, కానీ రంగుల నకలులో అతనూ ఉన్నాడు. పక్కనున్న నీటి పిక్సెల్ తన చదివే చోటును నాలుగు పిక్సెళ్లు జరిపితే అక్కడ దొరికేది అడుగు ఇసుక కాదు, అతని చొక్కా రంగు. దాంతో మనిషి చుట్టూ నీటి మీద అతని రంగే కారినట్టు ఒక అంచు ఏర్పడుతుంది. క్రైటెక్‌లో పనిచేసిన టియాగో సౌసా 2005లో వచ్చిన ‘జీపీయూ జెమ్స్ 2’ పుస్తకంలో ఈ చిక్కును వివరించి, నీటికి ముందున్న వస్తువులను ఆల్ఫా చానల్‌లో ముసుగుగా గుర్తుపెట్టి తప్పించే మార్గం చూపారు. డెప్త్ నకలు చేతిలో ఉన్నప్పుడు అదే పనిని ఒక పోలికతో చేయవచ్చు.

```
float2 uv2 = uv + normal.xz * strength * saturate(thickness);
if (linearDepth(uv2) < waterDepth) uv2 = uv;
thickness = linearDepth(uv2) - waterDepth;
```

రెండో వరుస చెప్పేది ఇది. జరిపిన చోట దొరికిన వస్తువు నీటి కంటే కెమెరాకు దగ్గరగా ఉంటే అది నీటి వెనకది కాదు, కాబట్టి జరపడం మానేసి అసలు చోటే చదవాలి. మొదటి వరుసలో మందంతో చేసిన గుణకారం ఒడ్డు కోసం. నీరు పలచనయ్యే చోట జరుగుడు సున్నాకు తగ్గకపోతే నీటి అంచు నేల నుంచి ఊడివచ్చినట్టు కనిపిస్తుంది. మూడో వరుసను మరచిపోవడమే ఎక్కువ. రంగుల నకలును జరిపిన చోట చదివి, మందాన్ని మాత్రం పాత చోటిదే వాడితే, చిత్రం ఒకచోటిది, లోతు ఇంకోచోటిది అవుతుంది. నీట మునిగిన రాయి ఒకటి ఊగుతుంటే, దాని ఆకారంలోనే ఊగని లేత రంగు మచ్చ ఇంకొకటి అక్కడే నిలిచి ఉంటుంది. ఆ జంట రాయి కనబడితే వెతకవలసింది ఈ వరుసనే.

నకలు మీద ఆధారపడటానికి హద్దులూ ఉన్నాయి. తెర అంచుకు అవతల ఏముందో నకలుకు తెలియదు. నీటికంటే తర్వాత గీసే గాజు, పొగ, బుడగల వంటి పారదర్శక వస్తువులు అందులో ఉండవు, అందుకే నీటి అడుగున లేచే బుడగలు పై నుంచి చూసినప్పుడు మాయమవుతుంటాయి. ఫోన్లలో ఖర్చు బాధ వేరు. వాటి చిప్‌లు తెరను చిన్న గళ్లుగా విడగొట్టి, గడి పని గడిలోనే ముగించి మెమరీ రాకపోకలను ఆదా చేస్తాయి. నడుమలో మొత్తం చిత్రాన్ని నకలు తీయమంటే ఆ ఆదా అంతా పోతుంది. నకలును సగం కొలతకు కుదించడం అక్కడ మామూలు. అడుగు ఎలాగూ ఊగుతూ ఉంటుంది కనుక ఆ మసక పెద్దగా పట్టదు.

నురగ గీత వీటన్నిటికంటే తేలికగా మొదలై, అన్నిటికంటే ఎక్కువ విసిగిస్తుంది. మొదటి ఆలోచన సూటిగానే ఉంటుంది. మందం ఎక్కడ సున్నాకు దగ్గరగా ఉందో అక్కడ నీరు దేన్నో తాకుతోందన్నమాట, కాబట్టి అక్కడ తెలుపు వేయాలి. ఇసుక ఒడ్డు వెంట, కెమెరా ముందున్న రాళ్ల చుట్టూ ఇది వెంటనే పనిచేస్తుంది. కదిలే పడవ చుట్టూ కూడా గీత దానంతటదే వెంట తిరుగుతుంది. కానీ కెమెరాను వంచితే గీత వెడల్పు మారుతుంది, ఎందుకంటే కొలిచింది చూపు వెంట ఉన్న మందాన్ని. నిలువు తేడాకు మారితే ఇసుక ఒడ్డు దగ్గర ఈ బాధ తగ్గుతుంది. నిట్రాయిలా నిలిచిన బండ దగ్గర అదీ చాలదు. బండకు మనవైపు ఉన్న నీటిలోకి పోయే చూపు బండనే తాకుతుంది కాబట్టి నురగ వస్తుంది. బండకు అవతలివైపు నీటిని పై నుంచి చూస్తే, చూపు బండకు దూరంగా పోయి లోతైన అడుగును తాకుతుంది. బండను ఆనుకున్న నీరే అయినా షేడర్‌కు అది నడిసంద్రంలా కనిపిస్తుంది, నురగ రాదు. ఆటగాడు బండ చుట్టూ ఒక చుట్టు తిరిగితే నురగ ఎప్పుడూ తనవైపే ఉంటుందని గమనిస్తాడు.

దీన్ని తప్పించాలంటే ఒడ్డు దూరాన్ని కెమెరాతో సంబంధం లేకుండా తెలుసుకోవాలి. స్థలాన్ని తయారుచేసేటప్పుడే నిట్టనిలువుగా పై నుంచి చూసి, నీటి మీద ప్రతి చోటి నుంచి అతి దగ్గరి ఒడ్డు ఎన్ని మీటర్లో ఒక పటంలో నింపి పెడతారు. ఆట నడుస్తున్నప్పుడు షేడర్ ఆ పటాన్ని చదువుతుంది.

```
float wave = sin(shoreDist * 4.0 + time * 1.5);
float foam = smoothstep(0.6, 0.8, wave - noise * 0.3);
foam *= saturate(1.0 - shoreDist / 3.0);
```

ఒడ్డు నుంచి మూడు మీటర్ల లోపల, ఒకటిన్నర మీటరుకు కాస్త పైన ఎడంతో గీతలు పుడతాయి. సమయాన్ని కలుపుతున్నాం కనుక అవి ఒడ్డువైపు సెకనుకు 37.5 సెంటీమీటర్ల వేగంతో నడుస్తాయి. తీసేస్తే ఒడ్డు నుంచి సముద్రంలోకి పారిపోతాయి, చూడగానే తెలిసే తప్పు అది. నాయిస్ లేకపోతే గీతలు మ్యాప్‌లోని కాంటూరు రేఖల్లా నున్నగా వస్తాయి, అది గీతను అక్కడక్కడ తెంపుతుంది. 2002లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఆట ‘ది విండ్ వేకర్’ తర్వాత బొమ్మల శైలి ఆటల్లో ఇలాంటి పదునైన తెల్ల గీతలకు ఎంతో ఆదరణ వచ్చింది. పదును కావాలని `smoothstep` బదులు `step` వాడితే గీత అంచు మెట్లుమెట్లుగా తెగుతుంది. దూరాన గీత ఒక పిక్సెల్ కంటే సన్నబడ్డాక మిణుకుమిణుకుమంటుంది. కాబట్టి అంచును కనీసం ఒక పిక్సెల్ వెడల్పున మెత్తబరచి, దూరంతో పాటు నురగను కరిగించాలి.

పటంలో కదలని వస్తువులే ఉంటాయి. పడవలకూ ఈదే మనుషులకూ పాత మందం పద్ధతే దిక్కు. అందుకే అనుభవమున్నవారు రెండింటినీ లెక్కించి, ఏది పెద్దదైతే దాన్ని తీసుకుంటారు. ఆఖరున మిగిలేది కలిపే వరుస. అడుగు రంగును మందంతో శోషించి, దానికి ఆకాశ పరావర్తనాన్ని కోణాన్ని బట్టి కలిపి, ఆ తర్వాతే నురగను పైన పరచాలి. నురగ నీటికి పైన ఉండేది కనుక శోషణ దాన్ని తాకకూడదు, పరావర్తనం దాన్ని కప్పకూడదు. అయితే దాన్ని ఉత్త తెలుపుగా వదిలేయడమూ తప్పే. నురగ వెలుగునిచ్చేది కాదు, తన మీద పడిన సూర్యకాంతినీ ఆకాశపు వెలుగునూ చెదరగొట్టేది. ఆ రెండింటితో గుణించకపోతే పగలు ఏ లోపమూ కనిపించదు. ఆటలో రాత్రి పడగానే ఒడ్డు పొడవునా ట్యూబ్‌లైట్లు వెలిగించినట్టు నురగ మెరుస్తుంది.